గ్రూపులో ‘భీమక్క’ ఫోటో, హెచ్‌ఆర్‌కు రెండు మెయిళ్లు

రాత్రి పది దాటాక జడ్చర్ల వైపు ఫ్యాక్టరీల నుంచి బీ షిఫ్ట్ బస్సులు మహబూబ్‌నగర్‌కు బయల్దేరతాయి. అలాంటి ఒక బస్సులో, కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్న అమ్మాయిని వెనక సీటు అమ్మాయి భుజం తట్టి లేపింది. “అక్కా, గ్రూపు చూసినవా? నీ ఫోటో ఏందో పెట్టిండ్రు.”

ఫోటోలో ఒక పహిల్వాన్. లంగోటా కట్టి, తొడ కొడుతూ నిలబడ్డాడు. మెడ మీద ముఖం మాత్రం ఈమెది. కింద “బ్యాచ్ ఆపే భీమక్క” అని రాసి ఉంది. దాని కింద పదకొండు నవ్వు బొమ్మలు. వాటి తర్వాత ఇంకెవరో రాసిన ఒక ముక్క: “రాత్రిపూట గూడ గిట్లనే ఆపుతదా?”

నేను కొన్నేళ్లు ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పని చూసినదాన్ని. చూసిన సంగతులు రెండు మూడు కలిపి ఒకే కేసుగా ఇక్కడ చెబుతున్నాను. పేర్లు అవసరం లేదు, కంపెనీ పేరు అసలే వద్దు.

ఆమె మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ మీద ఇన్‌స్పెక్షన్ చూస్తుంది. ఆ మధ్యాహ్నం జరిగింది ఇది: లైన్ నుంచి తీసిన మాత్రల స్ట్రిప్పులను నీలం రంగు నీళ్లున్న జాడీలో ముంచి, గాలి లాగేసి, మళ్లీ గాలి వదిలారు. తర్వాత స్ట్రిప్పులు కడిగి విప్పి చూస్తే రెండు గుంతల్లోకి నీలం దిగింది. అంటే రేకు సరిగా అతుక్కోలేదు, లీక్ టెస్ట్ ఫెయిల్. ఆమె బ్యాచ్‌కు హోల్డ్ లేబుల్ అంటించింది. లైన్ మూడు గంటలు ఆగింది. లైన్ ఆగితే ఎవరి టార్గెట్లు పోతాయో, ఎవరికి మండుతుందో ప్యాకింగ్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. రాత్రి 9:52కి ఫోటో గ్రూపులో పడింది.

ఇంటికి చేరేలోపే ఆమె ఫోన్‌లో మెయిల్ టైప్ చేసింది. పంపే ముందు నాకు చూపించింది, అదొక్కటే అదృష్టం. మెయిల్ ఇదీ:

“సబ్జెక్ట్: చాలా అర్జెంట్ – న్యాయం కావాలి

సార్, మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ కలిసి నన్ను చాలా రోజులుగా టార్గెట్ చేస్తున్నారు. ఇవాళ నా ఫోటోను అసహ్యంగా మార్ఫింగ్ చేసి గ్రూపులో పెట్టారు. బతుకమ్మ రోజు క్యాంటీన్‌లో ఫోటోలు తీసింది స్టోర్స్ అబ్బాయే, కాబట్టి ఇది అతని పనే. సూపర్‌వైజర్ హస్తం కూడా ఉంది. ఫోటో జత చేస్తున్నాను, మీరే చూడండి. వీళ్లందరి మీద కఠిన చర్యలు తీసుకోకపోతే పోలీసుల దగ్గరికి వెళ్తాను.”

హెచ్‌ఆర్ మేనేజర్‌తో పాటు కాపీ ప్లాంట్ హెడ్‌కు, ఇద్దరు మేనేజర్లకు, ఇంకో ఇద్దరు సహోద్యోగులకు. మొత్తం ఆరుగురు.

కోపంలో తప్పు లేదు. కానీ ఈ మెయిల్ పోయి ఉంటే మూడు పనులు చేసేది. ఏ ఫోటో పాకకూడదని ఆమె బాధపడుతోందో, దాన్నే ఆరు ఇన్‌బాక్సులకు ఆమె చేత్తోనే పంపేది. ఎప్పుడు, ఏ గ్రూపు, ఏ నంబర్ అన్న మూడు సంగతుల్లో ఒక్కటీ చెప్పేది కాదు. మూడోది అసలైనది: తెలియని ఒక సంగతిని తెలిసినట్టు రాసేది. ఫోటో తీసినవాడే మార్ఫింగ్ చేశాడన్న మాట అది. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

ముఖం ఎక్కడి నుంచి వచ్చింది?

ముఖం మార్చే పద్ధతులు రెండు రకాలు. పాత పద్ధతి కత్తిరించి అతికించడం. ఒక ఫోటోలోని ముఖాన్ని గీతగీసి కోసి, ఇంకో బొమ్మ మీద పెట్టి అంచులు సాపు చేస్తారు. ఇందులో ముఖం ఉన్నదున్నట్టు వస్తుంది. బొట్టు, ముక్కుపుడక, నవ్వు, తల వాలిన కోణం అన్నీ అసలు ఫోటోవే. అసలు ఫోటో దొరికితే దాని మీద దీన్ని పెట్టి చూడొచ్చు, గీతకు గీత కలుస్తుంది.

ఇప్పుడు ఫోన్ యాప్‌లు చేసేది వేరు. యాప్ మొదట రెండు ఫోటోల్లోనూ కళ్లు, ముక్కు, పెదాల మూలలు, దవడ ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటుంది. మొదటి ఫోటో నుంచి ఆ మనిషి పోలికను మాత్రమే, అంకెల రూపంలో, తీసుకుంటుంది. ఆ పోలికతో రెండో ఫోటోలోని ముఖాన్ని కొత్తగా గీస్తుంది. కాబట్టి పోలిక ఈమెది, కానీ తల వాలు, నోరు తెరిచిన తీరు, వెలుతురు పడిన వైపు అన్నీ పహిల్వాన్‌వి. జుట్టు, చెవులు, మెడ యాప్ సాధారణంగా ముట్టుకోదు. ఈ పనికి ముఖం సూటిగా కనిపించే ఒక్క ఫోటో చాలు.

ఆమె ఫోన్‌లోని బొమ్మను పెద్దది చేసి చూశాం. ముక్కుపుడక లేదు. ఆమె ఎప్పుడూ తీయదు. బొట్టు లేదు. చెవి మాత్రం కుస్తీల్లో నలిగి ముద్దయిన చెవి, అది పహిల్వాన్‌దే. దవడ కింద, ముఖం రంగు మెడ రంగులో కలిసే చోట సన్నటి మసక పట్టీ ఉంది. కోసి అతికించి ఉంటే ముక్కుపుడక కూడా వచ్చేది. కాబట్టి ఇది చాలావరకు యాప్ పనే అయ్యుంటుంది. అలాగైతే బతుకమ్మ ఫోటోనే వాడారని చెప్పడానికి ఆధారం లేదు. ఆమె వాట్సాప్ డీపీ అయినా, ఐడీ కార్డు ఫోటో అయినా, గ్రూపులో ఎవరో పెట్టిన పుట్టినరోజు ఫోటో అయినా సరిపోతుంది. స్టోర్స్ అబ్బాయి మీద ఆమెకున్న ఒకే ఒక్క ఆధారం అక్కడితో పోయింది.

“చాలావరకు” అని ఎందుకన్నానంటే, వాట్సాప్ ఫోటోను కుదించి పంపుతుంది. ఆ కుదింపులో మంచి ఫోటోలో కూడా దవడ దగ్గర మసకలు వస్తాయి. ఒక్క మసక చూసి తీర్పు చెప్పొద్దు. పైగా ఎవరు చేశారో, ఏ యాప్‌తో చేశారో తేల్చాల్సిన భారం మెయిల్ రాసే మనిషిది కాదు. ఆమె ముఖం అని చూసినవాళ్లు గుర్తుపట్టారా, ఆమె ఒప్పుకుందా, ఎవరు గ్రూపులో పెట్టారు. ఫిర్యాదుకు ఇవి చాలు.

తయారుచేసినవాడు, పెట్టినవాడు ఒకడే కానక్కర్లేదు. మెసేజ్ మీద ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు ఉంటే అది వేరే చాట్ నుంచి వచ్చిందని అర్థం. గుర్తు లేకపోతే మాత్రం అతనే చేశాడని అర్థం కాదు. వేరే చోట వచ్చిన బొమ్మను ఫోన్‌లో దాచుకుని గ్యాలరీ నుంచి పెడితే ఆ గుర్తు రాదు. ఈ కేసులో గుర్తు లేదు. కాబట్టి మెయిల్‌లో రాయగలిగింది “ఈ నంబర్ నుంచి వచ్చింది” అన్నంత వరకే.

తెల్లారేసరికి పోయేవి

ఆమెకు రాత్రే ఫోన్‌లో చెప్పాను: “ముందు అన్నీ దాచిపెట్టు, మెయిల్ రేపు రాద్దాం.” ఎందుకంటే పెట్టినవాడు రెండు రోజుల పైచిలుకు వరకు ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టగలడు. గ్రూపు అడ్మిన్ అయితే ఎవరి మెసేజైనా తీసేయగలడు. అలా తీసేస్తే మన గ్యాలరీలోంచి కూడా బొమ్మ పోవచ్చు. గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజెస్ పెట్టి ఉంటే ఎవరూ ఏమీ చేయకపోయినా 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో అవే పోతాయి.

స్క్రీన్‌షాట్ తీయడం అందరికీ వచ్చు, పనికొచ్చేలా తీయడం తక్కువమందికి వచ్చు. ఆమె మొదట తీసినదాంట్లో బొమ్మ మాత్రమే ఉంది, చుట్టూ కత్తిరించేసింది. ఆ ముక్క ఏ గ్రూపుదో, ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. మళ్లీ తీయించాను. పైన గ్రూపు పేరు, మెసేజ్ పక్కన సమయం, ముందు వెనక మెసేజ్‌లు, కింది వ్యాఖ్యలు అన్నీ పడేలా. ఇంకో చిక్కు కూడా ఉంది. మనం సేవ్ చేసుకున్న పేరే తెర మీద కనిపిస్తుంది. నేను మా ఆయన నంబర్‌ను ‘కలెక్టర్’ అని సేవ్ చేసుకుంటే స్క్రీన్‌షాట్‌లో కలెక్టరే మెసేజ్ పెట్టినట్టు ఉంటుంది. కాబట్టి ఆ పేరు నొక్కి, నంబర్ కనిపించే పేజీని కూడా తీయాలి. అన్నిటికన్నా మేలు ఒక స్క్రీన్ రికార్డింగ్: గ్రూపు సమాచారం పేజీ తెరిచి, ఎవరు అడ్మిన్, ఎంతమంది సభ్యులో చూపించి, అక్కడి నుంచి మెసేజ్ దాకా జరుపుకుంటూ వచ్చి, నంబర్ తెరిచి చూపడం. ఆమె తీసింది 50 సెకన్లు వచ్చింది.

బొమ్మ ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాని పేరు `IMG-20251009-WA0031.jpg` అని ఉంది. మధ్యలోది ఆ ఫోన్‌కు చేరిన తేదీ, చివరిది ఆ రోజు వరుస సంఖ్య. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి దాచుకోవడం మంచిది కాదు. అక్కడ పేరు మారుతుంది, పైగా అదీ ఒక ప్రచారమే. ఫోన్‌లో తీసిన ఫోటోకు ఏ ఫోన్, ఏ చోటు, ఏ సమయం అనే వివరాలు లోపల ఉంటాయి కదా, వాటిని బట్టి పట్టుకోవచ్చని కొందరు అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఆ వివరాలు మిగలవు. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

విషయం పోలీసులు, కోర్టు దాకా పోతే ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ పత్రంలో ఫైల్ హ్యాష్ విలువ అడుగుతారు. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఇది మారిపోతుంది. విండోస్ కంప్యూటర్లో ఇలా తీయొచ్చు:

```
certutil -hashfile IMG-20251009-WA0031.jpg SHA256
```

ఆఫీసు విచారణకు ఇది అక్కర్లేదు. కానీ మొదటి రోజే తీసి రాసిపెట్టుకుంటే తర్వాత “నువ్వే మార్చావు” అనే వాదనకు జవాబు ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఆధారం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. వాట్సాప్‌లో గ్రూపును ‘రిపోర్ట్’ కొట్టేటప్పుడు గ్రూపు నుంచి బయటికి రావడం, చాట్ తుడిచేయడం కూడా కలిపి అడుగుతుంది. కోపంలో ఓకే నొక్కితే మన ఆధారాన్ని మనమే తుడిచేసుకున్నట్టు. రిపోర్ట్ చేయాలంటే అన్నీ దాచుకున్నాకే.

పొద్దున 7:10కి ఆమె చూసేసరికి బొమ్మ ఉన్న చోట ‘దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్’ అని ఉంది. నవ్వు బొమ్మలు, ఆ రాత్రి వ్యాఖ్య మాత్రం అలాగే ఉన్నాయి. పెట్టినవాడు తన తప్పు తుడుచుకున్నాడు, కింద రాసినవాడికి రాసింది తప్పనే తోచలేదు.

ఎవరి బల్ల మీదికి వెళ్లాలి?

ఈ కేసులో చిక్కుముడి ఇక్కడుంది. పహిల్వాన్ బొమ్మ వెటకారమా, లైంగిక వేధింపా? ఆమె పని మీద కక్షతో చేసిన వెటకారమే అని వాదించొచ్చు. ఒక ఆడమనిషి ముఖాన్ని బట్టల్లేని ఒంటికి అతికించడం వెటకారంతో ఆగదని కూడా వాదించొచ్చు. కింద రాసిన మాట గురించి మాత్రం వాదన లేదు. “రాత్రిపూట గూడ గిట్లనే ఆపుతదా” అన్నదానికి ఆ ఫ్యాక్టరీలో ఎవరికైనా ఒక్కటే అర్థం.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, మనం పోష్ అంటున్నది, లైంగిక అర్థం ఉన్న వ్యాఖ్యలను వేధింపుగానే లెక్కిస్తుంది. అక్కరలేని, లైంగిక స్వభావం ఉన్న ప్రవర్తన మాటల్లో ఉన్నా, మాటల్లో లేకున్నా అందులోకే వస్తుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దానికి అధ్యక్షత వహించేది మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటి నుంచి. అంటే ఇది హెచ్‌ఆర్ మేనేజర్ ఒక్కడే తేల్చే వ్యవహారం కాదు. ఇది పోష్ కిందికి వస్తుందా రాదా అన్నది కూడా కమిటీయే చూడాలి.

కానీ ఆచరణలో జరిగేది వేరు. హెచ్‌ఆర్‌కు వచ్చిన మెయిల్‌లో ‘మార్ఫింగ్’, ‘అవమానం’, ‘టార్గెట్’ అని మాత్రమే ఉంటే అది క్రమశిక్షణ ఫైల్‌లోకి పోతుంది. సూపర్‌వైజర్‌ను పిలుస్తారు, అతను ఇద్దరినీ పిలిచి “సారీ చెప్పుండ్రి, అయిపోతది” అంటాడు. కమిటీకి ఫిర్యాదు చేయడానికి గడువు ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. హెచ్‌ఆర్‌లో మెయిల్ పడుకుని ఉండగానే ఆ మూడు నెలలు గడిచిపోతాయి. అందుకే మెయిల్ నేరుగా ఇద్దరికి: హెచ్‌ఆర్‌కు, కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు. ఆ ఆఫీసర్ పేరు ఎక్కడ దొరుకుతుందంటే, కమిటీ వేసిన ఉత్తర్వును అందరికీ కనిపించే చోట పెట్టాలని చట్టంలోనే ఉంది. ఈ ఫ్యాక్టరీలో అది టైమ్ ఆఫీస్ పక్కన, పాత సేఫ్టీ పోస్టర్ వెనక సగం దాగి ఉంది. కమిటీయే లేకపోతే, పదిమందికి తక్కువైతే, ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లాలి.

ఇదే ఫోటో మగ ఉద్యోగి ముఖంతో వచ్చి ఉంటే పోష్ వర్తించదు, ఆ చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. అప్పుడు దారి కంపెనీ ప్రవర్తనా నియమాలు, స్టాండింగ్ ఆర్డర్లు. బొమ్మలో గానీ మాటలో గానీ కులం తగిలితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వేరే సంగతి, దానికి లాయర్‌తో మాట్లాడాలి.

రెండో మెయిల్

తెలుగులో రాయొచ్చా అని ఆమె అడిగింది. రాయొచ్చు. ఇంగ్లిష్‌లోనే ఉండాలన్న షరతు ఏదీ లేదు. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీదే. మర్నాడు మధ్యాహ్నం షిఫ్ట్‌కు వెళ్లి వచ్చాక, రాత్రి ఇద్దరం కూర్చుని రాసింది ఇది:

“సబ్జెక్ట్: 09-10-2025 రాత్రి ‘ప్యాకింగ్ బీ షిఫ్ట్’ గ్రూపులో నా ముఖంతో తయారుచేసిన చిత్రం, దాని కింది వ్యాఖ్యపై ఫిర్యాదు

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి, అంతర్గత కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్ గారికి,

నేను ప్యాకింగ్‌లో లైన్ ఇన్‌స్పెక్షన్ చూస్తాను. అక్టోబర్ 9, గురువారం రాత్రి 9:52కి ‘ప్యాకింగ్ బీ షిఫ్ట్’ వాట్సాప్ గ్రూపులో ఒక చిత్రం వచ్చింది. పైన బట్టలు లేని ఒక పహిల్వాన్ శరీరానికి నా ముఖం పెట్టి, కింద ‘బ్యాచ్ ఆపే భీమక్క’ అని రాశారు. దీనికి నేను ఒప్పుకోలేదు, నన్నెవరూ అడగలేదు. రాత్రి 10:05కి ఇంకొక నంబర్ నుంచి ‘రాత్రిపూట గూడ గిట్లనే ఆపుతదా’ అని వ్యాఖ్య వచ్చింది. ఇది లైంగిక అర్థంతో రాసిన మాట అని నేను భావిస్తున్నాను. 10వ తేదీ ఉదయం 7:10కి నేను చూసినప్పుడు చిత్రం తొలగించి ఉంది, వ్యాఖ్య అలాగే ఉంది.

ఈ గ్రూపును మా షిఫ్ట్ సూపర్‌వైజర్ ఏర్పాటు చేశారు. డ్యూటీ చార్టు, లైన్ మార్పులు ఇందులోనే పెడతారు కాబట్టి నేను దీని నుంచి బయటికి రాలేను.

చిత్రం పెట్టిన నంబర్, వ్యాఖ్య రాసిన నంబర్, నాకు తెలిసిన పేర్లు, చూసిన ఇద్దరు సాక్షుల వివరాలు కమిటీకి ఇచ్చే కాగితంలో ఉంటాయి. చిత్రాన్ని ఎవరు తయారుచేశారో నాకు తెలియదు. 9వ తేదీ మధ్యాహ్నం లీక్ టెస్ట్ ఫెయిలైన బ్యాచ్‌ను నేను హోల్డ్‌లో పెట్టాను, అది బ్యాచ్ రికార్డులో ఉంది. చిత్రం కింద రాసిన మాట దాని గురించే అని నా అనుమానం.

10వ తేదీ షిఫ్ట్‌లో లైన్ దగ్గర ఇద్దరు నన్ను ‘భీమక్క’ అని పిలిచారు. ఆ రోజు ఒక స్ట్రిప్ సందేహంగా ఉన్నా హోల్డ్ లేబుల్ అంటించడానికి వెనకాడాను, తర్వాత అంటించాను.

నా దగ్గర నాలుగు స్క్రీన్‌షాట్లు, ఒక స్క్రీన్ రికార్డింగ్, చిత్రం ఫైల్ ఉన్నాయి. ఇంకా పాకకూడదని ఈ మెయిల్‌కు జత చేయడం లేదు, కమిటీ ముందు ఇస్తాను.

ఈ ఫిర్యాదును కమిటీ ముందు పెట్టాలని, గ్రూపులోని మెసేజ్‌లను భద్రపరిచాకే తొలగించమనాలని, చిత్రం ఎవరి దగ్గరున్నా పంచవద్దని పేర్లు లేకుండా షిఫ్ట్‌కు చెప్పాలని కోరుతున్నాను. విచారణ అయ్యేవరకు నా పనితీరు రిపోర్టును ఇందులో ఉన్నవారెవరూ రాయకుండా చూడండి. నా షిఫ్ట్ మార్చవద్దు. మెయిల్ అందినట్టు, కమిటీకి ఏ తేదీన చేరిందో తెలుపుతూ జవాబు ఇవ్వగలరు.”

ఇందులో ఎక్కువసేపు ఆలోచించి రాసినవి మూడు చోట్లు. మొదటిది గ్రూపు గురించిన పేరా. “అది వాళ్ల సొంత ఫోన్లు, డ్యూటీ అయిపోయాక పెట్టుకున్నది, కంపెనీకేం సంబంధం” అన్న మాట తప్పకుండా వస్తుంది. గ్రూపు డ్యూటీ కోసమే ఉందన్న సంగతి మెయిల్‌లోనే ఉంటే ఆ మాట నిలబడదు. పైగా 9:52కి బీ షిఫ్ట్ ఇంకా నడుస్తోంది.

రెండోది హోల్డ్ లేబుల్ దగ్గర వెనకాడాను అన్న వాక్యం. రాయడానికి ఆమె ఒప్పుకోలేదు. “నా డ్యూటీ నేనే సరిగ చెయ్యలేదని ఒప్పుకున్నట్టు కాదా అక్కా?” అంది. నేను ఉంచమన్నాను. చట్టం చూసేది పనికి అడ్డం వచ్చిందా, భయపెట్టే వాతావరణం తయారైందా అని. “చాలా బాధపడ్డాను” కన్నా ఆ ఒక్క వాక్యం బరువైనది. మందుల ఫ్యాక్టరీకి అది భయపడాల్సిన వాక్యం కూడా. క్వాలిటీ చూసే మనిషి వెటకారానికి జంకి లేబుల్ అంటించకపోతే ఏమవుతుందో ప్లాంట్ హెడ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడోది “తెలియదు” అన్న మాట. స్టోర్స్ అబ్బాయి మీద నింద ఉన్న ఆ మొదటి మెయిలే పోయి ఉంటే, విచారణ మొత్తం అతని చుట్టూ తిరిగి, అతను కాదని తేలాక ఫిర్యాదే తప్పన్నట్టు అయ్యేది. నిరూపించలేకపోయినంత మాత్రాన తప్పుడు ఫిర్యాదు కింద చర్య తీసుకోకూడదని చట్టం స్పష్టంగానే చెబుతుంది, దురుద్దేశం విడిగా తేలాలి. అయినా క్యాంటీన్‌లో జనం చట్టం చదివి మాట్లాడరు. ‘అనుమానం’ అన్న మాటను ఆమె ఒక్కసారే వాడింది, అదీ కారణం గురించి, మనిషి గురించి కాదు.

పోలీసుల దగ్గరికి వెళ్తానన్న బెదిరింపును తీసేశాం. వెళ్లకూడదని కాదు. అది ఆమె హక్కు, కమిటీ విచారణతో పాటే వెళ్లొచ్చు, అడిగితే యజమాని సాయం చేయాలి కూడా. మన జిల్లాల్లో షీ టీమ్స్ ఉన్నాయి, `cybercrime.gov.in`లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. కానీ మెయిల్‌లో షరతుగా పెడితే, అవతలివాళ్లకు ఆధారాలు తుడిచేయమని హెచ్చరిక పంపినట్టే.

మెయిల్ అవతలి వైపు

హెచ్‌ఆర్‌లో ఉన్నప్పుడు నేనూ చేసిన తప్పు ఒకటి ఉంది, అందుకే చెబుతున్నా. ఇలాంటి మెయిల్ రాగానే మొదట చేయబుద్ధయ్యే పని గ్రూపు అడ్మిన్‌కు ఫోన్ చేసి “వెంటనే డిలీట్ చేయించు” అనడం. మంచి ఉద్దేశమే. కానీ వాట్సాప్‌లో పోయినదాన్ని కంపెనీ తిరిగి తీయలేదు, మెసేజ్‌లు కంపెనీ సర్వర్‌లో ఉండవు. సొంత ఫోన్లను బలవంతంగా లాక్కుని చూసే అధికారమూ హెచ్‌ఆర్‌కు లేదు. కంపెనీయే ఇచ్చిన చాట్ అయితే ఐటీ వాళ్లు ఎన్ని రోజులు దాచేలా పెట్టారో దాన్ని బట్టి దొరకొచ్చు. వాట్సాప్ అయితే ముందు ఇద్దరు ముగ్గురు సభ్యుల ఫోన్లలో చూసి, వాళ్ల ఒప్పుదలతో రికార్డు చేసుకుని, ఆ తర్వాతే తీయించాలి. ఒకే ఫోన్ నుంచి వచ్చిన స్క్రీన్‌షాట్ కన్నా రెండు వేర్వేరు ఫోన్లలో అదే సమయం, అదే నంబర్ కనిపించడం గట్టి ఆధారం. స్క్రీన్‌షాట్‌ను తయారుచేయడం కూడా ఈ రోజుల్లో ముఖం మార్చినంత తేలిక.

రెండో తప్పు, షిఫ్ట్ మార్చడం. “నీ మంచికే, జనరల్ షిఫ్ట్‌కు రా” అంటారు. ఆమెకు బీ షిఫ్ట్ అలవెన్స్ పోతుంది, బస్సు మారుతుంది, ఫిర్యాదు చేసినందుకు ఆమెనే కదిలించారని అందరికీ అర్థమవుతుంది. విచారణ నడుస్తుండగా ఆమెనుగానీ అవతలి మనిషినిగానీ బదిలీ చేయమని కమిటీ సిఫారసు చేయొచ్చు, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వమనీ చెప్పొచ్చు. అయితే అది ఆమె రాతపూర్వకంగా అడిగితేనే. అందుకే ‘నా షిఫ్ట్ మార్చవద్దు’ అని ముందే రాసింది.

రాజీ సంగతీ అంతే. విచారణకు ముందు రాజీ ప్రయత్నం చట్టంలో ఉంది, కానీ ఆమె అడిగితేనే. డబ్బుతో రాజీ చేయకూడదు. రాజీ అయితే మళ్లీ విచారణ ఉండదు. ఎవరో క్యాబిన్‌లోకి పిలిచి చెప్పించిన సారీ ఇందులోకి రాదు, దాంతో ఆమె ఫిర్యాదు ముగిసిపోదు.

శనివారం సాయంత్రం జవాబు వచ్చింది: “మీ మెయిల్ అందింది, విషయాన్ని పరిశీలిస్తున్నాం.” కమిటీ ఊసే లేదు. ఆమె ఒక్క లైన్ తిరిగి రాసింది: “ప్రిసైడింగ్ ఆఫీసర్ గారికి ఫిర్యాదు ఏ తేదీన చేరిందో దయచేసి తెలపండి.” ఆ తేదీ ఎందుకంటే లెక్కంతా దాని నుంచే మొదలవుతుంది. అందిన ఏడు పనిదినాల్లో కమిటీ ఒక కాపీని అవతలివాళ్లకు పంపాలి, వాళ్లు పది పనిదినాల్లో జవాబివ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. సోమవారం ఆమె ఆధార పత్రాలతో, సాక్షుల వివరాలతో ఆరు కాపీలు తీయించి కవర్లో పెట్టుకుని బస్సెక్కింది. నిబంధన అడిగేది ఆరే. ఏడోది ఒకటి తన దగ్గర ఉంచుకుని, దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుంది.